ఆటో వెనక ఒక్క మాట, ఒక్క బొమ్మ: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్రశ్న: మావారు వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు, గీజర్లు రిపేర్ చేస్తారు. కొత్తపేటలో చిన్న షాపు, తోడుగా ఒక హెల్పర్ కుర్రాడు. ఇరవై ఆటోల వెనక మూడు నెలలపాటు ప్రకటన వేయిద్దామనుకుంటున్నాం. డిజైనర్ చేసిన బొమ్మ జత చేస్తున్నాను. మావారు మైక్రోవేవ్ కూడా రాయించాలంటారు. నాకేమో ఇప్పటికే అందులో ఏదీ కనబడట్లేదనిపిస్తోంది. మాకొచ్చే ఫోన్లలో సగానికి పైగా వాషింగ్ మెషిన్లవే. ఒకే మాట, ఒకే బొమ్మ ఉండాలంటే ఏవి పెట్టాలి? ఎలా తేల్చుకోవాలి? ఆటోవాళ్లు మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు జాగా ఇస్తామన్నారు.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ అనుమానం నిజమే. అయితే అది మీవారికి నేను చెబితే నమ్మకపోవచ్చు, మీరు చెబితే అసలు నమ్మకపోవచ్చు. ఆయన కళ్లతోనే ఆయనకి చూపించే దారి ఒకటుంది, ముందు అది చేయండి.

డిజైనర్ పంపిన బొమ్మని ఫోన్లో తెరవండి. ఫోన్ నిలువుగా ఉండాలి, బొమ్మ తెర వెడల్పంతా నిండాలి. మామూలు ఫోన్ తెర వెడల్పు మూడంగుళాల లోపే ఉంటుంది. దాన్ని చూసేవాళ్ల ముఖానికి చేయి చాచినంత దూరంలో, అంటే రెండుంపావు అడుగుల దూరంలో పట్టుకోండి. మూడడుగుల బోర్డు ముప్పై అడుగుల దూరం నుంచి కంటికి ఎంత కనిపిస్తుందో, ఆ ఫోన్లో బొమ్మ కూడా దాదాపు అంతే కనిపిస్తుంది. ముప్పై అడుగులంటే కదులుతున్న ట్రాఫిక్‌లో ఆటోకీ, వెనక వచ్చే బండికీ మధ్య మామూలుగా ఉండే ఎడం. మూడు సెకన్లు చూపించి ఫోన్ తిప్పేయండి. తర్వాత "ఎలా ఉంది?" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. "ఇది దేనికి సంబంధించిన ప్రకటన? ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడగండి. మీవారికి అందులో ఏముందో ముందే తెలుసు కాబట్టి ఆయన జవాబు లెక్కలోకి రాదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, ఎదురింటివాళ్లకో, పాలబ్బాయికో, పిల్లల ట్యూషన్ మాస్టారికో చూపించండి. నలుగురు వరసగా నీళ్లు నమిలితే ఇక వాదనే ఉండదు.

మీరు పంపిన డిజైన్‌ని నేనూ అలాగే చూశాను. ఎరుపు నుంచి పసుపులోకి జారే రంగు, దాని మీద ముద్దగా ఉన్న అక్షరాలు, ఒక మూల నవ్వుతున్న అమ్మాయి, ఇంతే కనిపించింది. చీరలో, నగలో అమ్ముతున్నారేమో అనుకునేలా ఉంది. దగ్గరికి తెచ్చుకుంటే తప్ప ఆ అమ్మాయి వెనక ఉన్నది వాషింగ్ మెషిన్ అని తెలియలేదు. లెక్కపెట్టి చూస్తే అందులో దేవుడి పటం, ఐదు మాటల షాపు పేరు, తొమ్మిది రకాల పనులు, కంపెనీల లోగోల వరస, మీవారి ఫొటో, రెండు ఫోన్ నంబర్లు, వాట్సాప్ గుర్తు, క్యూఆర్ కోడ్, రైతు బజారు గుర్తుతో సహా అడ్రసు, పైగా "24 గంటలు" అన్న మాట ఉన్నాయి. ఇది పాంప్లెట్. చేతిలో పట్టుకుని చదివే కాగితానికైతే పనికొస్తుంది.

ఆటో వెనక చూసేవాళ్లు ఎవరో ఒకసారి ఆలోచించండి. ఎక్కువమంది బైకుల మీద వచ్చేవాళ్లు. వాళ్ల కళ్లు రోడ్డు మీదా, పక్క బండి మీదా, ముందు ఆటో బ్రేకు లైటు మీదా ఉంటాయి. మీ ప్రకటన మీదకి ఒక చూపు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే నిమిషమో, ఇంకా ఎక్కువో ఎదురుగా ఉంటారు కదా అని డిజైనర్ అంటాడు. నిజమే, కానీ అలా దొరికేది ఆటోకి సరిగ్గా వెనక ఆగిన ఇద్దరు ముగ్గురే. మిగతా అందరికీ మీరు మూడు నాలుగు సెకన్ల మనిషే. ఆ ఇద్దరికోసం చిన్న అక్షరాలు పెడితే మిగతావాళ్లందరూ పోతారు. కదులుతున్న బండి వెనక ఎక్కువసేపు చదివించే ప్రకటన పెట్టడం ప్రమాదం కూడా. చదవడంలో పడి బ్రేకు మరచిపోయేది మీ కాబోయే కస్టమరే.

ఇంకో సంగతి. ఆ చూసిన మనిషి ఇంట్లో ఆ రోజు మెషిన్ బాగానే తిరుగుతూ ఉంటుంది. అది ఆగేది రెండు నెలల తర్వాత కావచ్చు. అంటే మీ ప్రకటన పని అక్కడికక్కడ ఫోన్ చేయించడం కాదు. రోజూ అదే రోడ్డులో, అదే బొమ్మ, అదే మాట చూసీ చూసీ, మెషిన్ ఆగిన రోజు "ఆటోల వెనక ఉంటుంది చూడు, నీలం బోర్డు, కొత్తపేట" అని ఇంట్లో ఎవరో ఒకరు అనాలి. తొమ్మిది పనులు రాసిన బోర్డు ఏ ఒక్క జబ్బుకీ గుర్తు రాదు. అందుకే ఒకటి ఎంచుకోమంటున్నాను. మీ విషయంలో ఎంచుకోవడం కష్టం కూడా కాదు, మీ ఫోనే చెప్పేసింది. సగానికి పైగా ఫోన్లు దేనికొస్తున్నాయో అదే. ఏసీ పని ఎండాకాలంలో ముంచెత్తి తర్వాత పోతుంది, గీజర్ చలికాలం వ్యవహారం. వాషింగ్ మెషిన్‌కి సీజన్ లేదు. పైగా అది ఆగిన ఇంట్లో రెండో రోజుకే విడిచిన బట్టల గుట్ట పేరుకుంటుంది, కాబట్టి ఫోన్ ఆలస్యం చేయరు. ఫ్రిజ్ పని పోతుందేమోనని మీవారికి టెన్షన్ వద్దు. మెషిన్ బాగుచేయడానికి వెళ్లిన ఇంట్లోనే ఫ్రిజ్ కూడా ఉంటుంది. ఆ మాట అక్కడ నోటితో చెప్పాలి, బిల్లు మీద అచ్చువేయాలి.

ఇప్పుడు మాట సంగతి. డిజైనర్ రాసిన "అన్ని రకాల గృహోపకరణములు రిపేరు చేయబడును" అన్న వాక్యాన్ని తీసేయండి. ఇంట్లో ఎవరూ "గృహోపకరణం పాడైంది" అనరు. మెషిన్ ఆగితే ఏమంటారు? "వాషింగ్ మెషిన్ ఆగిపోయింది" అంటారు. ఆ మాటనే తిప్పి అడిగితే చాలు:

వాషింగ్ మెషిన్ ఆగిందా?

ఇదే మీ మాట. నేను ఇంకో మూడింటిని దీని పక్కన పెట్టి చూశాను. "తిరగట్లేదా?" అన్నది ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంటుంది, కానీ "ట్లే"లో ఒత్తు ఉంది. ఒత్తు ఎందుకు అడ్డమో కింద చెబుతాను. "ఈరోజే బాగుచేస్తాం" అన్నది ఊరించే మాటే. అయితే మీరున్నది ఇద్దరు. ఇరవై ఆటోలు తిరిగాక ఒకరోజు పది ఫోన్లొస్తే నాలుగిళ్లకి వెళ్లగలరేమో, మిగతా ఆరిళ్లకీ అబద్ధమాడినట్టే. కొన్ని మోడళ్ల పీసీబీ బోర్డు తెప్పించుకోవాలంటే రోజులు పడుతుంది, అది మీ చేతిలో లేదు. ఇక "నమ్మకమైన సేవ", "నంబర్ వన్" లాంటివి ఎవరైనా రాసుకోవచ్చు, అందుకే అవి ఎవరికీ గుర్తుండవు. నంబర్ వన్ అని ఎవరు తేల్చారని ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర కాగితమూ ఉండదు.

మీ ఉత్తరంలో లేదుగానీ, చాలామంది మెకానిక్‌లు మంచి పద్ధతి ఒకటి పాటిస్తారు: మార్చిన పాత పార్టుని కస్టమర్ చేతికే ఇచ్చేస్తారు, మెషిన్ విప్పకముందే చార్జీ చెబుతారు. మీవారు కూడా అలా చేస్తుంటే అది గట్టి మాట. కానీ అది అర్థం కావడానికి రెండు క్షణాలు ఆలోచించాలి. ఆటో వెనక ఆ రెండు క్షణాలు మనకి లేవు. ఫోన్ చేసినవాళ్లకి మొదటి నిమిషంలో చెప్పడానికి దాచుకోండి.

ఒత్తుల సంగతికి వస్తాను, ఇది ఇంగ్లీషు బోర్డులు చేసి అలవాటైన డిజైనర్లు పట్టించుకోని విషయం. బోర్డులు చేసేవాళ్లు వాడే లెక్క ప్రకారం అంగుళం ఎత్తున్న అక్షరం పదడుగుల నుంచి హాయిగా కనిపిస్తుంది. ముప్పై అడుగులకి మూడంగుళాలు కావాలి. తెలుగులో ఆ మూడంగుళాలు దేనికి కొలవాలి? గుడి పైకి వెళ్తుంది, ఒత్తు కిందకి దిగుతుంది. డిజైనర్ పై కొస నుంచి కింది కొస దాకా కొలిచి మూడంగుళాలు అంటే, అసలు అక్షరం ఒంటికి అంగుళమున్నర కూడా మిగలదు. గుడులూ ఒత్తులూ వదిలేసి అక్షరం ఒంటిని మాత్రమే కొలవమనండి. "వాషింగ్ మెషిన్ ఆగిందా?"లో ఒక్క ఒత్తూ లేదు, చూడండి. పైన గుళ్లు, పొల్లులు, దీర్ఘాలు, ఎత్వం మాత్రమే ఉన్నాయి. కింద జాగా అక్కర్లేదు కాబట్టి అక్షరాన్ని అంత పెద్దది చేసుకోవచ్చు. మీ షాపు పేరులో మాత్రం "క్ష్మీ", "శ్వ", "న్స్" అన్నీ ఉన్నాయి. అది ముప్పై అడుగుల నుంచి నల్లటి చుక్కల వరసలా కనిపిస్తుంది.

ఫాంట్ విషయంలో పెళ్లి శుభలేఖల మీద వాడే వంపుల రాతలొద్దు, నీడలొద్దు, త్రీడీ అసలొద్దు. గీత అన్నిచోట్లా ఒకే మందం ఉండే ఫాంట్ కావాలి. రామభద్ర లాంటి మందపాటి శీర్షిక ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. మందం మరీ ఎక్కువైతే ఇంకో చిక్కు. తలకట్టు కిందకి దిగి అక్షరానికి అతుక్కుంటుంది, "ష"కి "ప"కి తేడా తెలియదు. ఫోన్‌ని చేయి చాచి చూసే పరీక్షలో ఇది వెంటనే దొరికిపోతుంది.

ప్రెస్సులో జరిగే తప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ డిజైనర్ కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫాంట్ ప్రింటింగ్ షాపు కంప్యూటర్లో ఉండకపోవచ్చు. అక్కడ ఫైలు తెరవగానే పొల్లు పక్కకి జరిగి, "మెషిన్" కాస్తా "మెషిన" అయిపోతుంది, సున్నా ఎగిరిపోతుంది. ప్రింటు వేసేవాడు రోజుకి వంద బోర్డులు వేస్తాడు, చదువుతూ కూర్చోడు. అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీసిన బొమ్మలుగా, మార్చి ఇవ్వమని డిజైనర్‌కి చెప్పండి. ఆపైన ప్రింటింగ్ షాపు కంప్యూటర్ తెర మీది బొమ్మని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించుకుని, అక్షరం అక్షరం చదివాకే సరేననండి. ఇరవై బోర్డులు అయ్యాక కనిపెడితే ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ తెగదు.

బొమ్మ దగ్గరికి వద్దాం. బొమ్మ చేయాల్సిన పని ఒక్కటే: చదవకముందే "ఇది వాషింగ్ మెషిన్ గొడవ" అని చెప్పడం. నవ్వే అమ్మాయి ఆ పని చేయదు. మనిషి ముఖం ఉంటే కన్ను మొదట అక్కడికే పోతుంది, మెషిన్ దగ్గరికి వచ్చేలోపు సమయం అయిపోతుంది. మీవారు చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటోకీ ఇదే వర్తిస్తుంది. ఆయన ముఖం ఊళ్లో అందరికీ తెలిసినదైతే వేరు. (ఎన్నికల బోర్డులు చూసీ చూసీ మనందరికీ బోర్డంటే ముఖం ఉండాలనిపిస్తుంది.) సరే, మనుషులు పోయారు. పానాలు, స్క్రూడ్రైవర్లు పెడితే అది బైక్ మెకానిక్ కావచ్చు, ప్లంబర్ కావచ్చు. మిగిలింది మెషినే.

అయితే ఏ మెషిన్? మీ కస్టమర్లలో ఎక్కువమంది ఇళ్లలో పైనుంచి బట్టలేసే టాప్ లోడే ఉండొచ్చు. అయినా బొమ్మకి అది పనికిరాదు. టాప్ లోడ్ మెషిన్‌ని ఎదురుగా గీస్తే అది ఒక తెల్లటి డబ్బా. దూరం నుంచి చిన్న ఫ్రిజ్‌లా కనిపిస్తుంది, కూలర్‌లా కూడా కనిపిస్తుంది. ముందు గుండ్రటి తలుపున్న ఫ్రంట్ లోడ్ బొమ్మని మాత్రం చదువురాని పిల్లలు కూడా గుర్తుపడతారు. టాప్ లోడ్ ఉన్నవాళ్లు "ఇది మాకు కాదేమో" అనుకుంటారా అన్న భయం అక్కర్లేదు. పక్కనే మాట ఉంది, ఆ మాటలో ఏ మోడలో రాయలేదు.

గుండ్రటి తలుపుతో కూడా ఒక ప్రమాదముంది. చదరంలో సున్నా గీసి వదిలేస్తే డీజే స్పీకర్ బాక్సులా కనిపిస్తుంది. దాన్ని తప్పించేది పైనుండే పట్టీ. మెషిన్ పై భాగంలో అడ్డంగా ఒక గీత గీసి, ఎడమ మూల సబ్బు పౌడర్ వేసే అరని చూపించే గీత, కుడివైపు గుండ్రటి నాబ్ ఒకటి పెట్టమనండి. ఆ రెండూ ఉంటే ఇక స్పీకర్ అనుకోరు. తలుపు అద్దం ముదురుగా, చుట్టూ లేతరంగు వలయం ఉండాలి. అంతకుమించి బట్టలు, బుడగలు, నీళ్లు ఏవీ వద్దు. డిజైనర్ ఉత్సాహపడి మెషిన్‌కి కళ్లు, కన్నీళ్లు పెడతానంటాడు, ఒప్పుకోకండి. దూరం నుంచి అది ప్లేస్కూల్ ప్రకటనలా ఉంటుంది. కింద నీటి మడుగు గీద్దామన్నా వద్దనండి. మాట "ఆగిందా" అంటుంటే బొమ్మ "కారుతోందా" అన్నట్టుంటుంది. ఏ వస్తువో బొమ్మ చెప్పాలి, దానికేమైందో మాట చెప్పాలి. రెండూ చెరో కథ చెబితే మూడు సెకన్లు చాలవు.

ఫొటో వాడతారా, గీసిన బొమ్మ వాడతారా అంటే గీసిన బొమ్మకే నా ఓటు. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు ఎవరివో అయి ఉంటాయి, వాటి మీద కంపెనీ పేరూ ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని మూడడుగులకి సాగదీస్తే అంచులు మసకబారతాయి. కంప్యూటర్లో వెక్టర్ పద్ధతిలో గీసిన బొమ్మని ఎంత పెంచినా అంచు చెక్కుచెదరదు. ఈ సందర్భంలోనే కంపెనీల లోగోల వరస కూడా తీసేయండి. అన్ని కంపెనీల మెషిన్లూ బాగుచేస్తామని చెప్పుకోవడం తప్పు కాదు. కానీ లోగోలు పేరిస్తే మీరు ఆ కంపెనీల అధికారిక సర్వీస్ సెంటర్ అన్న అర్థం వస్తుంది. ఏదో ఒకరోజు కంపెనీ నుంచి నోటీసు వస్తే మూడు నెలల డబ్బూ పోతుంది.

క్యూఆర్ కోడ్ గురించి రెండు మాటలు. స్కాన్ అవ్వాలంటే కోడ్ వెడల్పు దూరంలో పదో వంతైనా ఉండాలన్నది మామూలు లెక్క. పదడుగుల నుంచి స్కాన్ చేయించాలంటే అడుగు వెడల్పున్న కోడ్ కావాలి, అంటే మీ బోర్డు వెడల్పులో మూడో వంతు. బైకు మీద ఉన్న మనిషి జేబులోంచి ఫోన్ తీసి, లాక్ తెరిచి, కెమెరా పెట్టేలోపు పచ్చ లైటు పడుతుంది. షాపు అద్దం మీద అంటించుకోండి. దేవుడి పటాన్ని కూడా ఆటో వెనక నుంచి తీసి బిల్లు పుస్తకం మీదకి మార్చడమే మర్యాద. వానాకాలంలో ఆటో వెనక ఎంత బురద చిమ్ముతుందో మీకు తెలియంది కాదు.

నంబరు ఒక్కటే ఉండాలి. అది మీరు ఇప్పుడు వాడుతున్నది కాకుండా, ఈ ఆటోలకోసమే తీసుకున్న కొత్త సిమ్ నంబరైతే మంచిది. ఆ నంబరుకి వచ్చిన ప్రతి ఫోనూ ఆటో చూసి చేసిందే. మూడు నెలల తర్వాత డబ్బు దండగైందా లేదా అని ఊహించుకునే పని లేదు, కాల్ లిస్టు చూస్తే చాలు. సిమ్ తీసుకునేటప్పుడు నంబరు ఎంచుకునే వీలుంటుంది కాబట్టి, ఒకే అంకె రెండు మూడుసార్లు వచ్చేది చూసుకోండి. అచ్చువేసేటప్పుడు ఐదు, ఐదు అంకెలుగా విడగొట్టండి. మనం నోటితో చెప్పేటప్పుడు ఎక్కువగా అలాగే చెబుతాం. మూడు నెలలయ్యాక ఆ సిమ్‌ని ఆపేయకండి. చింపకుండా వదిలేసిన బోర్డులు ఆ తర్వాత కూడా తిరుగుతూనే ఉంటాయి, ఫోన్లూ వస్తూనే ఉంటాయి.

ఇక వీటన్నిటినీ మూడడుగులు, రెండున్నర అడుగుల్లో ఎలా సర్దాలో చెబుతాను. అంగుళాల్లో చూస్తే వెడల్పు 36, ఎత్తు 30. అంచుల్లో రెండేసి అంగుళాలు వదిలేయండి, కుట్టుకీ మడతకీ అవి పోతాయి. పై వరసలో ఈ చివర నుంచి ఆ చివరకి "వాషింగ్ మెషిన్". మిగిలిన 32 అంగుళాల్లో ఇది మూడంగుళాల ఒంటితో సుమారుగా పడుతుంది. గుడులతో కలిపి ఆ వరసకి ఆరంగుళాలు పోతాయి. దాని కింద ఎడమవైపు మెషిన్ బొమ్మ, పదమూడు అంగుళాల ఎత్తు. బొమ్మకి కుడివైపు "ఆగిందా?", దాదాపు పై వరసంత పెద్ద అక్షరాలతో. దాని కింద చిన్నగా "కొత్తపేట". ఊరి పేరు ముప్పై అడుగుల నుంచి కనిపించకపోయినా ఫర్వాలేదు, రెండోసారి చూసినవాళ్లకోసం అది. ఆ కింద మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరకి నంబరు. పది అంకెలు, మధ్యలో ఒక ఖాళీ కలిపి ఒక్కో అంకెకీ మూడంగుళాల లోపు జాగా వస్తుంది, ఎత్తు మూడున్నర అంగుళాలు దాకా పెట్టుకోవచ్చు. నంబరు కింద అంచుతో కలిపి నాలుగంగుళాలు ఖాళీగా వదలండి. డిజైనర్లు సాధారణంగా నంబరుని అట్టడుగున పెడతారు. దుమ్మూ, బురదా మొదట పేరుకునేది అక్కడే. మొదటి వానకే చివరి అంకెలు కనబడకుండా పోయిన బోర్డులు ఈ ఊళ్లో కావలసినన్ని. షాపు పేరుకి జాగా ఎక్కడని అడుగుతారేమో, లేదు. అంతగా మనసు ఒప్పకపోతే "కొత్తపేట" పక్కన చిన్న అక్షరాల్లో పేరులోని మొదటి మాట ఒక్కటి పెట్టుకోండి.

రంగు గురించి ఎక్కువ చర్చ అక్కర్లేదు. మన ఆటో పసుపు. పసుపు బోర్డు పెడితే ఆటోలో కలిసిపోతుంది. ముదురు నీలం నేల, తెల్లటి అక్షరాలు, తెల్లటి మెషిన్, నంబరు ఒక్కటే పసుపు. దుమ్ము పట్టి తెలుపు కాస్త మట్టిరంగు తిరిగినా నీలం మీద అక్షరం విడిగానే ఉంటుంది. మెరిసే లామినేషన్ వద్దు, మ్యాట్ అడగండి. మెరిసే దాని మీద మధ్యాహ్నం ఎండా, రాత్రి వెనక బండి హెడ్‌లైటూ పడి అద్దంలా తళుక్కుమంటుంది, ఒక్క అక్షరం కనిపించదు.

ఏ భాషలో అని మీరు అడగలేదు గానీ మీ డిజైన్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి. రెండు భాషలు పెడితే రెండూ సగానికి చిక్కిపోతాయి. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు తిరిగే ఆటోలకి తెలుగు చాలు. తెలుగు చదవలేనివాళ్లకి బొమ్మా, అంకెలూ ఉన్నాయి. ఎప్పుడైనా టోలిచౌకి వైపో, గచ్చిబౌలి వైపో వేయించాలనుకుంటే అప్పుడు ఆ ఆటోలకి వేరే భాషలో విడిగా అచ్చువేయించండి, ఒకే బోర్డు మీద కలపకండి. ఎలాగూ మీరు అంతదూరం వెళ్లి రిపేర్లు చేయలేరు కాబట్టి, ఆటోలని ఎంచుకునేటప్పుడు స్టాండు ఎక్కడో అడగండి. ఊరంతా తిరిగే ఆటో కంటే మీ ఏరియా స్టాండులో ఉంటూ, అదే రూటులో రోజుకి పదిసార్లు తిరిగే షేర్ ఆటో మీకు నయం. ఒకే మనిషి కంట పదేపదే పడేది అదే.

ఇరవై బోర్డులూ ఒకేసారి అచ్చువేయించకండి. ముందు ఒకటి వేయించి, ఒక ఆటోకి కట్టించి, ఆ ఆటోని షాపు ముందు రోడ్డులో నిలబెట్టి ముప్పై అడుగులు వెనక్కి నడిచి చూడండి. తెర మీద కనిపించని లోపాలు ఇక్కడ బయటపడతాయి. ఆటో వెనక రెగ్జిన్ టాప్ చదునుగా ఉండదు, కమ్మీ వచ్చినచోట ఉబ్బుతుంది, మధ్యలో లోపలికి పోతుంది. ఆ వంపు సరిగ్గా "షిం" మీద పడితే అక్షరం విరిగినట్టు కనిపిస్తుంది, వరసని రెండంగుళాలు పైకో కిందకో జరిపితే సరిపోతుంది. తాళ్లతో కట్టిన ఫ్లెక్స్ వారానికే ముడతలు పడుతుంది. రెగ్జిన్‌కి కుట్టించడం కాస్త ఖర్చైనా మూడు నెలలూ నిలుస్తుంది. బోర్డు నంబర్ ప్లేటునీ, వెనక లైట్లనీ, వెనక కిటికీనీ కప్పకూడదు. కప్పితే చలానా డ్రైవర్‌కి పడుతుంది, మరుసటి రోజే అతను మీ బోర్డు పీకి అవతల పారేస్తాడు, తప్పు అతనిది కాదు. ఆటోల మీద ప్రకటనకి రవాణా శాఖ అనుమతి, ఫీజు ఎవరు చూసుకుంటారో ఏజెంటుతో ముందే కాగితం మీద రాయించుకోండి.

అదే కాగితంలో ఇంకొకటి: నెలకోసారి ఇరవై ఆటోల ఫొటోలూ పంపాలి, నంబర్ ప్లేటు కనిపించాలి, దగ్గర నుంచి కాకుండా దూరం నుంచి తీయాలి. చిరిగిందీ, మాసిందీ అప్పుడే తెలుస్తుంది. చివరిగా డ్రైవర్ల సంగతి. సిగ్నల్ దగ్గరా, స్టాండు దగ్గరా జనం బోర్డు చూసి డ్రైవర్నే అడుగుతారు, "ఏం తీసుకుంటారన్నా వీళ్లు, మంచోళ్లేనా?" అని. బోర్డు కట్టే రోజు మీవారు వెళ్లి ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడాలి. ఇంటికొచ్చి చూడ్డానికి విజిటింగ్ చార్జీ ఎంతో చెప్పాలి, పది విజిటింగ్ కార్డులు చేతిలో పెట్టాలి, వాళ్లింట్లో మెషిన్ ఆగితే చార్జీ లేకుండా వస్తానని మాటివ్వాలి. మీరు బోర్డు మీద నుంచి తీసేసిన ఫ్రిజ్, గీజర్, మైక్రోవేవ్ అన్నీ ఆ కార్డు వెనక హాయిగా పడతాయి.